మా కంపెనీ మిషన్ స్టేట్‌మెంట్‌ను ఒక్క మామూలు వాక్యంలోకి తేవడం ఎలా?

బోరుమోటార్ అడ్మిన్: మాది అనంతపురం వైపు బోరు మోటార్లు అమ్మి, రిపేరు చేసే కంపెనీ. గోడ మీద ఇలా ఉంది: "నాణ్యత, నవకల్పన, విశ్వసనీయతలతో భాగస్వాములందరికీ సుస్థిర విలువను అందించే అగ్రగామి సంస్థగా ఎదగడం." వైండింగ్ కుర్రాళ్లు, రైతులు ఇద్దరూ చెప్పుకోగలిగేలా మార్చాలి.

స్వీట్‌షాప్ రాణి: మా షాపు బోర్డుకీ మంచి ప్రాస ఉన్న మాట కావాలండి. ఇక్కడే అడగొచ్చా?

పాతకాపు: మీకు కావాల్సింది ప్రకటన మాట అమ్మా, అది వేరే సంగతి.

అడ్మిన్ గారూ, ఆ వాక్యం కింద సిమెంటు కంపెనీ పేరు రాసినా సరిపోతుంది. అందుకే ఎవరికీ గుర్తుండదు. దాన్ని దిద్దుతూ కూర్చోకండి. కౌంటర్లో ఫోన్లు ఎత్తేవాళ్లను అడగండి, రైతు మొదట అనే మాట ఏమిటని.

బోరుమోటార్ అడ్మిన్: అడిగాను సార్. "మోటారు కాలిపోయింది, పైరు ఎండిపోతోంది, ఎప్పటికిస్తారు?" అంతే. నాణ్యత గురించి ఎవరూ అడగరట.

పాతకాపు: వాక్యం దాంట్లోనే ఉంది. "మోటారు ఆగిన రైతుకు పైరు ఎండకముందే నీళ్లు పారేలా చేస్తాం."

సేల్స్ శీను: బాగుంది కానీ "48 గంటల్లో" అని చేర్చండి. అంకె ఉంటేనే నమ్ముతారు. డొమినోస్ 30 నిమిషాల మాటతోనే పెరిగింది.

పాతకాపు: అంకె గుర్తుంటుందన్నది నిజమే. కానీ అమెరికాలో డొమినోస్ ఆ హామీని 1993లో ఎత్తేసింది, డెలివరీ వాళ్ల ప్రమాదాల మీద కేసులు పడి. ఇక్కడ వైండింగ్ మీ చేతిలో ఉంది. లోతు బోరులోంచి మోటారు పైకి తీసే మనుషులు దొరకడం మీ చేతిలో లేదు. అంకెను రిపేరు రసీదు మీద, మోటారు షాపుకు చేరిన గంట నుంచి లెక్కించి రాయండి.

మధురై నుంచి: అరవింద్ కంటి ఆసుపత్రి 1976లో ఇక్కడ 11 పడకలతో మొదలైంది. అనవసరమైన అంధత్వం లేకుండా చేయడమే వాళ్ల లక్ష్యం. కంటిలో పెట్టే లెన్సుల ధర అడ్డొచ్చినప్పుడు 1992లో ఆరోల్యాబ్ పెట్టి వాళ్లే తయారుచేయడం మొదలుపెట్టారు. వాక్యం సరైనదైతే పని ఎటు పోవాలో అదే చెబుతుంది.

పాతకాపు: అదే అసలు పరీక్ష. వేసవిలో ఒకే మెకానిక్ ఉన్నాడు, ఒక పక్క కొత్త మోటారు బిగింపు, ఇంకో పక్క ఎండుతున్న చేను. మీ వాక్యం చూసి ఎటు వెళ్లాలో అతనికి తెలియాలి. ఇంకోటి, డ్రైవర్‌కు ఒకసారి నోటితో చెప్పి మర్నాడు అడగండి. అతను వదిలేసిన మాటలు తీసేయండి.

బోరుమోటార్ అడ్మిన్: చేశాను సార్. "మోటారు ఆగితే పైరు ఎండనివ్వం" అన్నాడు. మాదానికంటే అదే నచ్చింది.

సేల్స్ శీను: పొట్టిగా ఉంది, ఒప్పుకుంటా. కానీ "ఎండనివ్వం" అంటే బోరే ఎండిపోయినవాడూ వచ్చి నిలదీస్తాడు. పైగా మీ ఆదాయంలో కొత్త మోటార్ల అమ్మకం ఎక్కువైతే, ఆ టీమ్‌కు ఇందులో చోటేది?

బోరుమోటార్ అడ్మిన్: మొదటిదానికి "ఎండకముందే బాగుచేస్తాం" అని మారుస్తా. రెండోదే మా ఓనర్ గారూ అడుగుతున్నారు. సోమవారం అమ్మకాల వాళ్లనూ కూర్చోబెడుతున్నాం.