ఫీడ్‌లో గ్లూకోజ్ రెట్టింపు చేశాను, కీమోస్టాట్‌లో పెరుగుదల రేటు కదల్లేదు. తప్పెక్కడ?

మొలక:
నమస్కారం అండి. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం ఈ.కోలైని కీమోస్టాట్‌లో పెంచుతున్నాను. పాత్రలో ఎప్పుడూ 1 లీటరు కల్చర్ ఉంటుంది. పంపు గంటకు 300 మి.లీ. ఎం9 మీడియం పోస్తుంది, అంతే కల్చర్ పక్క గొట్టంలోంచి బయటికి పోతుంది. అంటే పలుచన రేటు D గంటకు 0.3. మొదట ఫీడ్‌లో లీటరుకు 2 గ్రాముల గ్లూకోజ్ పెట్టాను. కణాలు ఎంత చిక్కగా ఉన్నాయో చెప్పే ఓడీ 2.0 దగ్గర నిలబడింది. కిట్‌తో చూస్తే పాత్రలో మిగులు గ్లూకోజ్ సున్నా. తర్వాత 4 గ్రాములు చేశాను. తిండి S పెరిగితే పెరుగుదల రేటు μ పెరగాలని కదా మోనో సమీకరణం చెప్పేది. రెండు రోజులు ఆగాను. ఓడీ 3.9 అయింది. మిగులు మాత్రం మళ్ళీ సున్నా, μ చూస్తే అదే 0.3. శుక్రవారం గైడ్‌ గారికి చూపించాలి, టెన్షన్‌గా ఉంది. కిట్ తప్పా, పంపు తప్పా, నా లెక్క తప్పా?

తెల్లకోటు:
పంపు చూడు ముందు. గ్లూకోజ్ రెట్టింపు చేస్తే S పెరుగుతుంది, S పెరిగితే μ పెరుగుతుంది, సమీకరణంలోనే ఉంది. పెరగలేదంటే ఫీడ్ సరిగా పడట్లేదు. మా దగ్గర సిలికాన్ ట్యూబు రోలర్ల కింద నలిగి వారం తిరిగేసరికి ఫ్లో తగ్గిపోయేది. పంపు మీద కనిపించే అంకెను నమ్మొద్దు. ఫీడ్ బాటిల్‌ను తూకం మీద పెట్టి గంటకు ఎంత తగ్గుతోందో రాసుకో.

పాత_ఫెర్మెంటర్:
తూకం మాట మంచిదే, అది చెయ్యమ్మా. కానీ పంపు సరిగానే ఉందనుకుంటాను. ఫ్లో పడిపోయి ఉంటే ఓడీ ఇంత చక్కగా రెట్టింపు అయ్యేది కాదు. నీకు వచ్చింది సరైన ఫలితం. నువ్వు దాన్ని ఫ్లాస్కు కళ్ళతో చూస్తున్నావు.

ఫ్లాస్కులో నువ్వు పోసిన గ్లూకోజే సూక్ష్మజీవి ముందున్న గ్లూకోజ్. కీమోస్టాట్‌లో అలా కాదు. ఫీడ్ బాటిల్‌లో ఉన్నది వేరు, పాత్రలో కణాల చుట్టూ మిగిలి ఉన్నది వేరు. మోనో సమీకరణంలో S అంటే ఆ రెండోది మాత్రమే.

నువ్వు బాటిల్ మార్చిన రోజు ఏం జరిగిందో వరసగా చూడు. ఫీడ్ చిక్కబడగానే పాత్రలో మిగులు కాస్త పెరిగింది. μ కూడా 0.3 దాటింది, నువ్వనుకున్నట్టే. దాంతో కొట్టుకుపోయే కణాల కంటే పుట్టే కణాలు ఎక్కువయ్యాయి. నోళ్ళు పెరిగాయి, తిండి తరిగింది. మిగులు తగ్గుతూ తగ్గుతూ μ మళ్ళీ 0.3కి దిగేదాకా ఇది సాగింది. అక్కడే ఆగింది, ఎందుకంటే అక్కడ పుట్టేవీ పోయేవీ సమానం. అందుకే μను నిర్ణయించేది నీ పంపు. ఫీడ్‌లో గ్లూకోజ్ నిర్ణయించేది ఎన్ని కణాలు ఉండాలన్నది మాత్రమే.

μ స్థానంలో D పెట్టి సమీకరణాన్ని తిప్పి రాస్తే ఇలా వస్తుంది:

```
S = Ks * D / (mu_max - D)
X = Y * (S0 - S)
```

S0 అంటే ఫీడ్‌లోని గ్లూకోజ్, X అంటే కణాల మొత్తం, Y అంటే గ్రాము గ్లూకోజ్‌కు వచ్చే కణాలు, mu_max గరిష్ఠ రేటు, Ks అంటే రేటు గరిష్ఠంలో సగానికి చేరే గ్లూకోజ్ మొత్తం. మొదటి వరసలో S0 ఎక్కడైనా ఉందా? లేదు. నీ ఫ్లాస్కులో గరిష్ఠ రేటు ఎంత వచ్చింది?

మొలక:
గంటకు 0.7 వచ్చిందండి. Ks మాత్రం నా దగ్గర లేదు, అది కనుక్కోవడమే ప్రాజెక్టు.

పాత_ఫెర్మెంటర్:
ప్రస్తుతానికి మోనో 1949లో ఈ.కోలైకి ఇచ్చిన అంకె తీసుకుందాం, లీటరుకు 4 మి.గ్రా. D 0.3 దగ్గర S అంటే 4 × 0.3 / 0.4, అంటే 3 మి.గ్రా. ఫీడ్‌లో 2 గ్రాములున్నా, 4 గ్రాములున్నా ఆ 3 మి.గ్రా. మారదు. ఇక కణాలంటావా, గ్రాము గ్లూకోజ్‌కు 0.45 గ్రాముల పొడి కణాలు వస్తాయనుకుంటే 0.9 గ్రాముల నుంచి 1.8 గ్రాములు అవుతుంది. నీ ఓడీ చెప్పిందీ అదే.

ఇంకో సంగతి. ఫ్లాస్కులో 2 గ్రాముల బదులు 4 గ్రాములు పోసినా μ పెరగదు. 2000 మి.గ్రా. పక్కన 4 మి.గ్రా. Ks ఏపాటి? అప్పటికే గరిష్ఠానికి చేరిపోయి ఉంటుంది. Ks చుట్టుపక్కల ఉండే చిన్న మొత్తాల్లోనే ఈ సమీకరణం పనిచేయడం కనిపిస్తుంది. కణాలను ఆ స్థితిలో రోజుల తరబడి నిలపడానికే కీమోస్టాట్.

ఈటీపీ_నైట్‌షిఫ్ట్:
సార్, మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నేను ఒక ఫార్మా యూనిట్‌లో వ్యర్థజలాల ప్లాంటు చూస్తాను. నీళ్ళలో సేంద్రియ మలినాలు ఎంతున్నాయో చెప్పే సీఓడీ ఇన్‌లెట్‌లో పెరిగితే మా ఔట్‌లెట్ సీఓడీ కూడా పెరుగుతుంది. మీ లెక్క ప్రకారం పెరగకూడదు కదా. పైగా ట్యాంకులో నీళ్ళు 12 గంటలే ఉంటాయి, ఆ లెక్కన మా బ్యాక్టీరియా ఎప్పుడో కొట్టుకుపోవాలి.

పాత_ఫెర్మెంటర్:
మీది కీమోస్టాట్ కాదండి. మీరు క్లారిఫైయర్ అడుగు నుంచి బురదను వెనక్కి పంపుతారు కదా. నీళ్ళు 12 గంటల్లో పోతాయి, కణాలు మాత్రం రోజుల తరబడి ఉంటాయి. బురద వయసు 15 రోజులైతే మీ నికర పెరుగుదల రేటు రోజుకు 15లో ఒక వంతే. నీళ్ళతోపాటే కణాలూ పోతుంటే రోజుకు 2 ఉండాల్సి వచ్చేది. ఇక ఔట్‌లెట్ పెరగడం గురించి: ఫార్మా నీళ్ళ సీఓడీలో బ్యాక్టీరియా ముట్టని భాగం చాలా ఉంటుంది, అది వచ్చింది వచ్చినట్టు బయటికి పోతుంది. ఇక్కడ మాట్లాడుకుంటున్నది ఒకే ఒక్క పోషకం, అది పూర్తిగా తినగలిగినది అయిన సందర్భం. మీ లాగ్‌షీట్ అంకెలతో విడిగా అడగండి, చూద్దాం.

మొలక:
కాస్త ఊపిరి వచ్చిందండి. కిట్ లీటరుకు 10 మి.గ్రా. కంటే తక్కువ చదవదట, ఇప్పుడే కాగితం చూశాను. 3 ఉంటే సున్నా అనే చూపిస్తుంది. మరైతే D పెంచి చూడాలా?

పాత_ఫెర్మెంటర్:
పెంచాలి. D 0.6 దగ్గర ఇదే లెక్కన S 24 మి.గ్రా. వస్తుంది, 0.65 దగ్గర 52. కానీ ముందు శాంపిల్ ఎలా తీస్తున్నావో చెప్పు. అడుగు అడుగూ చెప్పు.

మొలక:
శాంపిల్ గొట్టం క్లాంపు తీసి ట్యూబులోకి 5 మి.లీ. పడతాను. ఐస్‌లో పెట్టుకుని పక్క గదిలో సెంట్రిఫ్యూజ్‌కు తీసుకెళ్తాను. మొత్తం 5 నిమిషాలు పడుతుందేమో.

పాత_ఫెర్మెంటర్:
ఆ 5 నిమిషాల్లో కణాలు నీ గ్లూకోజ్ తినేస్తున్నాయి. లెక్క చూడు: 4 గ్రాముల ఫీడ్ దగ్గర నీ కల్చర్ లీటరుకు గంటకు దాదాపు 1.2 గ్రాముల గ్లూకోజ్ తింటోంది. అంటే నిమిషానికి 20 మి.గ్రా. ట్యూబులోకి పడ్డాక కొత్త ఫీడ్ రాదు, తినడం మాత్రం ఆగదు. 3 మి.గ్రా. చాలావరకు పది, పదిహేను సెకన్లలో పోతుంది. ఐస్ నెమ్మదింపజేస్తుంది గానీ ట్యూబు చల్లబడేలోపే పని అయిపోతుంది.

సిరంజితో నేరుగా పాత్ర నుంచి లాగి, అక్కడికక్కడే 0.2 మైక్రాన్ ఫిల్టర్‌లోంచి తోసెయ్. కణాలు ఫిల్టర్ మీద ఆగుతాయి, గ్లూకోజ్ కిందికి వస్తుంది. ఇంకోటి, శాంపిల్ గొట్టంలో నిలవున్న మొదటి కొన్ని మి.లీ. పారబోయాలి. ఆ గొట్టంలో కణాలు గంటల తరబడి ఆకలితో ఉన్నాయి, అందులో గ్లూకోజ్ ఏమీ ఉండదు.

గడ్డిపోచ:
పెద్దాయన చెప్పిన శాంపిలింగ్‌తో పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ 4 మి.గ్రా. మీద ఇల్లు కట్టకండి. కీమోస్టాట్‌లో చాలాకాలం అలవాటుపడ్డ ఈ.కోలైకి 0.1 మి.గ్రా. కంటే తక్కువ Ks కూడా ప్రచురితమైంది. తిండి కొరతలో కణం గ్లూకోజ్‌ను గట్టిగా పట్టే రవాణా వ్యవస్థలను ఎక్కువ చేసుకుంటుంది. వారాలు గడిస్తే అలాంటి మ్యూటెంట్లే పాత్రను ఆక్రమిస్తాయి. Ks 0.1 అయితే D 0.65 దగ్గర కూడా S 1.3 మి.గ్రా. మాత్రమే. ఎంత వేగంగా ఫిల్టర్ చేసినా చెల్లి కిట్ చదవలేదు.

గరిష్ఠానికి దగ్గరగా పోవడంలోనూ ప్రమాదం ఉంది. 0.70 అనుకున్నది నిజానికి 0.68 అయితే D 0.65 దగ్గర 52 కాస్తా 87 అవుతుంది. ఫ్లాస్కు రేటులోని చిన్న పొరపాటంతా Ks మీద పడుతుంది.

పాత_ఫెర్మెంటర్:
నిజమే, అది ఒప్పుకోవాలి. అందుకే గరిష్ఠ రేటును ఫ్లాస్కు నుంచి కాకుండా అదే పాత్రలో వాష్‌అవుట్ పెట్టి, అంటే పుట్టేవాటి కంటే పోయే కణాలు ఎక్కువయ్యేలా పంపు పెంచి తీసుకోవడం నాకిష్టం. D 0.9 చేసి ఓడీ పడిపోతుంటే లాగ్ గీత గియ్యమ్మా. దాని వాలు గరిష్ఠ రేటులోంచి D తీసేసినంత, ఇక్కడ మైనస్ 0.2 దగ్గర రావాలి. గోడలకు పొర కట్టి ఉంటే గీత కింద వంగి నిలిచిపోతుంది, అప్పుడు మొదటి భాగమే తీసుకో.

మొలక (రెండు రోజుల తర్వాత):
ఫీడ్ 8 గ్రాములు చేసి చూశానండి, ఓడీ 8 వస్తుందని. 4.1 దగ్గరే ఆగిపోయింది. ఈసారి ఫిల్టర్ శాంపిల్‌లో గ్లూకోజ్ గ్రాముల్లో ఉంది! మళ్ళీ మొదటికొచ్చానా?

తెల్లకోటు:
ఆక్సిజన్ చాలట్లేదు. స్టిర్రర్ వేగం పెంచు.

మొలక:
ఆక్సిజన్ ప్రోబ్ 55 శాతం చూపిస్తోందండి, పడిపోలేదు.

పాత_ఫెర్మెంటర్:
అయితే ఆక్సిజన్ కాదు. ఎం9లో అమ్మోనియం క్లోరైడ్ ఎంత వేస్తున్నావు, లీటరుకు 1 గ్రామేనా? అందులో నైట్రోజన్ 0.26 గ్రాములు. ఈ.కోలై పొడి బరువులో దాదాపు 14 శాతం నైట్రోజన్. అంటే 1.9 గ్రాముల కణాలకు మించి కట్టుకోలేదు. 4 గ్రాముల గ్లూకోజ్ దగ్గరే నువ్వు 1.8లో ఉన్నావు, అంచు మీద నిలబడి ఉన్నావన్నమాట. 8 చేయగానే కొరత గ్లూకోజ్‌ది కాకుండా అమ్మోనియాది అయింది. ఇప్పుడు μ అమ్మోనియా మిగులుకు ముడిపడి ఉంది, గ్లూకోజ్ మిగులుతో Ks లెక్క వెయ్యకూడదు. 1950లో నొవిక్, సిలార్డ్ ‘కీమోస్టాట్’ అనే పేరు పెట్టినప్పుడు వాళ్ళు కొరత పెట్టింది కూడా గ్లూకోజ్‌కు కాదు, ట్రిప్టోఫాన్‌కు.

నమ్మకం కుదరాలంటే 1 గ్రాము అమ్మోనియం క్లోరైడ్‌ను స్టెరైల్ నీళ్ళలో కరిగించి నేరుగా పాత్రలోకి ఒక్కసారి ఇవ్వు. పంపు మార్చకు.

మొలక:
ఇచ్చాను. గంటలో ఓడీ 4.1 నుంచి 5.2 అయింది! ఆక్సిజన్ 55 నుంచి 38కి దిగింది.

పాత_ఫెర్మెంటర్:
తేలిపోయింది. అది ఒక్కసారి పోసిందే కాబట్టి రేపటికి మళ్ళీ 4 దగ్గరికి దిగుతుంది, కంగారుపడకు. ప్రాజెక్టుకు 2 గ్రాముల గ్లూకోజ్ ఫీడ్‌కే తిరిగి వెళ్ళు, అక్కడ కొరత నిస్సందేహంగా గ్లూకోజ్‌దే. D 0.3, 0.5, 0.6 చాలు. ఒక్కోసారి మార్చాక కనీసం 5 సార్లు పాత్ర నిండేంత ఫీడ్ పోయాకే శాంపిల్ తియ్యి. D 0.3 దగ్గర అది 17 గంటలు.

గడ్డిపోచ:
వచ్చిన Ksతో పాటు కల్చర్ ఎన్నో రోజుదో కూడా రాయి చెల్లీ. మూడో రోజు అంకె, మూడో వారం అంకె ఒకటి కాకపోవచ్చు. కిట్ 10 కంటే తక్కువ చదవనప్పుడు నువ్వు చెప్పగలిగేది ‘ఇంతకంటే తక్కువ’ అనేనని నా అభిప్రాయం.

పాత_ఫెర్మెంటర్:
0.6 దగ్గర 20 పైన వస్తే అంకె చెప్పవచ్చని నా అభిప్రాయం. ముందు శాంపిల్ రానీ.