బీసెంట్ రోడ్డు షాపుకి షేర్డ్ లైనా, లీజ్డ్ లైనా?

విజయవాడలో చిన్న బట్టల షాపు. 100 ఎంబీపీఎస్ షేర్డ్ ఫైబర్ ఉంది, కంటెన్షన్ 1:20 అన్నారు. అంటే ఇరవై మందీ ఒకేసారి లాగితే మనకి మిగిలేది 5. మా నాలుగు కెమెరాలు క్లౌడ్‌కి పంపడానికే తలా 2 చొప్పున 8 కావాలి. సాయంత్రం ఏడింటికి, సరిగ్గా బేరాల వేళకి, కార్డు మెషిన్ గిరగిరా తిరుగుతూనే ఉంటుంది.

వైఫై తప్పేమో అని కేబుల్‌తోనే చూశాను. కెమెరాలు ఆపేసినా అంతే. రౌటర్‌కి పింగ్ ఎప్పుడూ 1 మిల్లీసెకండే; దాని తర్వాతి హాప్‌కి మాత్రం పొద్దున 5, సాయంత్రం 90. కాబట్టి రద్దీ బయటి లైన్లోనే అనుకుంటున్నా.

10 ఎంబీపీఎస్ 1:1 లీజ్డ్ లైన్ సరిపోతుంది గానీ అద్దె చాలా ఎక్కువ. బిల్లింగ్‌కి చిన్న లీజ్డ్ లైన్, కెమెరాలకి పాత షేర్డ్ లైన్ అని విడగొట్టినవాళ్లు ఉన్నారాండీ? 1:4 ప్లాన్ తీసుకుంటే ఆ నిష్పత్తిని అగ్రిమెంట్‌లో రాసిస్తారా, నోటిమాటేనా?