లేజర్ వెలుగుతోంది, స్లైడ్ మాత్రం కదలట్లేదు: క్లికర్ తంటా

బోటనీ_మేడం: నిన్న మా కాలేజీ సెమినార్ హాల్లో పన్నెండో స్లైడ్ దాకా క్లికర్ బాగానే పనిచేసింది. తర్వాత ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. లేజర్ మాత్రం వెలుగుతూనే ఉంది. రెండు బ్యాటరీలూ మార్చాను, ఫలితం లేదు. చివరికి ఒక పిల్లాణ్ని లాప్‌టాప్ దగ్గర కూర్చోబెట్టి "నెక్స్ట్, నెక్స్ట్" అంటూ గట్టెక్కాను. శనివారం మళ్లీ అదే హాల్లో క్లాసు. ఇప్పట్నుంచే టెన్షన్.

రాజు_ఖమ్మం: లేజర్ వెలిగిందంటే క్లికర్‌లో లోపం లేదు మేడం. మీ లాప్‌టాప్ యూఎస్‌బీ పోర్టే పోయింది.

ప్రొజెక్టర్_బాబాయ్: అలా చెప్పలేం రాజూ. రిసీవర్ ఇంట్లో మర్చిపోయి వచ్చినా లేజర్ వెలుగుతుంది. దానికి రిసీవర్‌తో పనే లేదు. బ్యాటరీలో కొంత ఉందని తెలుస్తుంది, అంతే.

మేడం, ఆ పన్నెండో స్లైడ్ దగ్గర మీరు లాప్‌టాప్ ముట్టుకున్నారా? క్లికర్ అంటే రెండు మూడు మీటలున్న కీబోర్డే. నొక్కితే చాలా మోడళ్లలో Page Down వెళ్తుంది. పవర్‌పాయింట్‌కే వెళ్లాలని దానికి తెలీదు, ఆ క్షణాన ఏ విండో ముందుంటే దానికే పోతుంది.

స్వాతి_హెచ్ఆర్: నాది రివర్స్ కేసు. ఒకసారి నొక్కితే రెండు స్లైడ్లు దూకుతోంది. ఫోన్‌తో పెయిర్ చేసి చూడాలా?

ప్రొజెక్టర్_బాబాయ్: రిసీవర్ ముక్కతో వచ్చినవాటిలో చాలావాటికి ఫోన్‌తో పెయిరింగ్ ఉండదమ్మా. మీటే అరిగి ఉంటుంది. వేరే చర్చ పెట్టు, ఇక్కడ కలిస్తే గజిబిజి అవుతుంది.

బోటనీ_మేడం: ముట్టుకున్నానండీ! ఆన్‌లైన్‌లో ఉన్న పిల్లలు ఏదో అడిగితే మీటింగ్ చాట్‌లో జవాబు రాశాను. ఆ తర్వాతే ఆగింది. ఇంకో వింత, క్లాసయ్యాక చూస్తే చాట్ పెట్టెలో `bbbb` అని ఉంది. నేనైతే టైప్ చేయలేదు.

ప్రొజెక్టర్_బాబాయ్: దొరికింది దొంగ. మీ క్లికర్‌లో తెర నల్లగా చేసే మీట కూడా నొక్కి ఉంటారు. అది పంపేది b అక్షరమే, కొన్ని మోడళ్లలో చుక్క. అంటే సిగ్నల్ లాప్‌టాప్‌కి చక్కగా చేరింది, పోర్టూ బ్యాటరీలూ ఆ సమయానికి బాగానే ఉన్నాయి. కర్సర్ చాట్‌లో ఉండిపోయింది.

చాట్ అయ్యాక Alt+Tab కొట్టి స్లైడ్‌షో విండోకి రండి. మామూలు పవర్‌పాయింట్ విండోకి వస్తే లాభం లేదు, లాప్‌టాప్ తెర మీద స్లైడ్లు మారతాయి, ప్రొజెక్టర్ మీద మాత్రం పాతదే ఉంటుంది.

శనివారానికి ముందు ఒక పరీక్ష చేయండి. నోట్‌ప్యాడ్‌లో నాలుగైదు పేజీల టెక్స్ట్ అతికించి, కర్సర్ పైన పెట్టి ముందుకు మీట నొక్కండి. కర్సర్ కిందికి దూకితే సిగ్నల్ వస్తున్నట్టే. ఒకసారి లాప్‌టాప్ పక్క నుంచి, ఒకసారి మీరు నిలబడే చోటు నుంచి చూడండి.

బోటనీ_మేడం: ఇవాళ హాలుకెళ్లి చేశాను. పక్కనుంచి పదికి పది. స్టేజి అవతలి చివరికి వెళ్తే పదిలో నాలుగే. కొత్త బ్యాటరీలే!

రాజు_ఖమ్మం: చెప్పానా, పోర్టే అని 😀

ప్రొజెక్టర్_బాబాయ్: పోర్టు పోలేదు, పక్కింటివాళ్లు గోల చేస్తున్నారేమో. రిసీవర్ పక్క పోర్టులో ఏముంది మేడం?

బోటనీ_మేడం: వీడియోలున్న ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్.

ప్రొజెక్టర్_బాబాయ్: అయితే ముందు అనుమానించాల్సింది దాన్నే. యూఎస్‌బీ 3.0 పరికరం, దాని కేబుల్ పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుడుతుంది. చాలా క్లికర్లు మాట్లాడేదీ అక్కడే. ఇంటెల్ 2012లోనే దీని మీద ఒక పత్రం ఇచ్చింది. రిసీవర్ లాప్‌టాప్ అవతలి వైపు పోర్టులో పెట్టండి. అక్కడ పోర్టు లేకపోతే చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దూరంగా, మీకు ఎదురుగా ఉండేలా పెట్టండి. ముందు డిస్క్ తీసేసి అదే చోటునుంచి పదిసార్లు నొక్కితే అనుమానం నిజమో కాదో తేలుతుంది.

బోటనీ_మేడం: డిస్క్ తీస్తే తొమ్మిది. డిస్క్ ఉంచి రిసీవర్ ఎడమవైపుకి మారిస్తే కూడా తొమ్మిదే. ఆ ఒక్కటి నా వేలి తప్పో ఏమో.

స్వాతి_హెచ్ఆర్: మాకు లంచ్ బ్రేక్ తర్వాత క్లికర్ అసలు లేవదు. రిసీవర్ పీకి పెడితేనే వస్తుంది. అదీ ఈ రొదేనా?

ప్రొజెక్టర్_బాబాయ్: పీకి పెడితే వస్తోందంటే రొద కాకపోవచ్చు. లాప్‌టాప్ నిద్రలోకి వెళ్లి, లేచాక ఆ పోర్టును సరిగా లేపట్లేదేమో. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్‌కి పవర్ ఆపే టిక్కు తీసి చూడమ్మా. ఒకరికి దాంతో కుదిరింది, ఇంకొకరికి కుదరలేదు.

స్వాతి_హెచ్ఆర్: ఆఫీసు లాప్‌టాప్, ఆ టిక్కు నన్ను ముట్టుకోనివ్వట్లేదు. ఐటీ వాళ్లనడగాలి.