అప్‌డేట్: భుజ్ భూకంపం లాతూరు కంటే ఎన్ని రెట్లు పెద్దది?

నా ప్రశ్న: "భూకంప తీవ్రత లాతూరులో (1993) 6.2, భుజ్‌లో (2001) 7.7. భాగిస్తే 1.24 వస్తోంది. భుజ్ పావు వంతే ఎక్కువా?"

అప్‌డేట్: ఈ స్కేలులో ఒక్కో అంకె పెరిగితే అలల ఎత్తు 10 రెట్లు అవుతుంది, అందుకే భాగించకూడదు, తీసివేయాలి. తేడా 1.5. కాబట్టి అంతే దూరంలో సీస్మోగ్రాఫ్ గీసే అలల ఎత్తు 10^1.5, అంటే దాదాపు 32 రెట్లు. మా పాప పరీక్షలో ఇదే జవాబు రాసింది, తప్పు పడింది. ఎందుకో తెలియక టెన్షన్ పడ్డాను.

ఇక్కడ తిరుపతిలో మా పక్కింటి రిటైర్డ్ లెక్కల మాస్టారు పేపర్ చూసి, "ప్రశ్నలో అడిగింది శక్తి కదమ్మా! తేడాను ఇంకో 1.5తో గుణించాలి" అన్నారు. 1.5 × 1.5 = 2.25. 10^2.25 అంటే సుమారు 178 రెట్లు!

అయితే నష్టం 178 రెట్లు కాదు. లాతూరులో దాదాపు 10 వేల మంది, భుజ్‌లో దాదాపు 20 వేల మంది చనిపోయారు. లాతూరు ఊళ్లలో బరువైన రాతి గోడల ఇళ్లు నిద్రలో ఉన్నవాళ్ల మీద కూలాయి.