మినిట్స్ ఫైలు పేర్లో విషయం రాయాల్నా, తారీఖు చాలా? డ్రాఫ్టులు ఉంచాల్నా, తీసెయ్యాల్నా?

బత్తాయి కంపెనీ (నల్లగొండ)

మాది రైతు ఉత్పత్తిదారుల కంపెనీ. బత్తాయి కొంటం, గ్రేడ్ చేసి అమ్ముతం. ఆఫీసు పని నేనే చూస్త, వచ్చి రెండేళ్లయింది. లోను రెన్యువల్‌కు బ్యాంకోళ్లు 2019 జూన్‌ల చెక్కు సంతకాల మీద బోర్డు చేసిన తీర్మానం కాపీ అడిగిన్రు. ఫోల్డర్ తెరిస్తే ఇవి ఉన్నయి:

```
minutes final.docx
minutes final new.docx
minutes FINAL 2 sir correction.docx
june meeting signed.pdf
june meeting signed (1).pdf
DOC-20190703-WA0011.pdf
```

కొన్నిట్ల ఒక్క సంతకంతో 50,000 దాక తీయొచ్చని ఉంది, కొన్నిట్ల 25,000 అని ఉంది. ఏది నమ్మాలె? ఇకముందు పేర్లు ఎట్ల పెట్టాలె? పాత డ్రాఫ్టులు తీసేస్తే పీడ పోతదా?

పాలమూరు పిల్లగాడు

అన్నా, సింపుల్. ఫైలు మీద రైట్ క్లిక్ కొట్టి మాడిఫైడ్ డేట్ చూడు. అన్నిట్ల కొత్తది ఏదైతే అదే ఫైనల్. ఇకనుంచి పేర్లనే విషయం రాయి, "చెక్కు సంతకాలు, బత్తాయి రేటు, గోదాం కిరాయి" అని. పేరు చూస్తేనే తెలిసిపోవాలె గదా.

బత్తాయి కంపెనీ

చూసిన తమ్మీ. ఆరింటికి ఆరూ 2022 అనే చూపిస్తున్నయి. అప్పుడు పాత కంప్యూటర్ ఖరాబైతే మెయిల్‌ల నుంచి మళ్లీ దింపుకున్నరంట.

సెక్రటరీ మేడం (ఊరు మిర్యాలగూడ, పని హైదరాబాద్)

అందుకే మాడిఫైడ్ డేట్‌ని నమ్మొద్దు. మెయిల్ నుంచి దింపుకుంటే దింపుకున్న రోజే పడుతుంది. ఆ వాట్సాప్ ఫైలు పేర్లో ఉన్న 20190703 కూడా మీటింగ్ తేదీ కాదు, ఫోన్‌కి వచ్చిన రోజు. మీటింగ్ జూన్‌లో అయింది కదా.

ముందు మూడు వర్డ్ ఫైళ్లను పక్కన పెట్టేయండి. వాటిలో ఏది "ఫైనల్" అన్నది అసలు ప్రశ్నే కాదు, సంతకం లేనిది మినిట్స్ కాదు. పిడిఎఫ్‌లు మూడూ తెరిచి రెండు విషయాలు చూసి చెప్పండి. పేజీ నంబర్లు ఎక్కడ మొదలవుతున్నాయి? ప్రతి పేజీ మీద చైర్మన్ పొడి సంతకం ఉందా, చివరి పేజీలో మాత్రమే ఉందా?

బత్తాయి కంపెనీ

మేడం, "june meeting signed" రెండూ ఒక్కటే, ఎవరో రెండుసార్లు దింపిన్రు. అండ్ల పేజీలు 1 నుంచి 4. సంతకం చివర ఒక్కటే, తారీఖు లేదు. 50,000 అని ఉన్నది ఇండ్లనే. వాట్సాప్‌దాంట్ల పేజీలు 31 నుంచి 34. ప్రతి పేజీ మీద పొడి సంతకం, ఆఖర్ల పూర్తి సంతకం, కింద 02-07-2019. ఇండ్ల 25,000 ఉంది.

సెక్రటరీ మేడం

అయితే చాలావరకు తేలినట్టే. మినిట్స్ బుక్‌లో పేజీల నంబర్లు ఒక మీటింగ్ నుంచి ఇంకో మీటింగ్‌కి వరుసగా నడవాలి. 31 నుంచి మొదలైందంటే అది బుక్‌లోంచి తీసిన స్కాన్. 1 నుంచి మొదలైందంటే విడిగా ప్రింట్ తీసిన డ్రాఫ్ట్ మీద ఎవరో తొందరపడి సంతకం పెట్టించారు. తర్వాత ఒక డైరెక్టర్ అభ్యంతరం చెప్పి 25,000 చేయించి ఉంటారు, ఇలాంటివి చాలా చూశాను. కంపెనీల సెక్రటేరియల్ స్టాండర్డ్ ప్రకారం మీటింగ్ అయిన 15 రోజుల్లో డ్రాఫ్ట్ డైరెక్టర్లకు పంపాలి, వాళ్లు 7 రోజుల్లో మార్పులు చెప్పాలి, మీటింగ్ అయిన 30 రోజుల్లో బుక్‌లో ఎక్కించాలి. ఆ 7 రోజుల్లోనే ఇన్ని "ఫైనల్"లు పుడతాయి.

అయినా బుక్ తీసి 31వ పేజీ చూడండి. ఎందుకంటే స్కాన్ కాపీయే, అసలు బుక్. ఆ తర్వాతి మీటింగ్ మినిట్స్‌లో మొదటి అంశం కూడా చూడండి, గత మినిట్స్ గురించి ఏం రాశారో. ఇంకో దారి ఉంది: తీర్మానం అయిన కొత్తలో దాని సర్టిఫైడ్ కాపీ మీరే బ్యాంకుకి ఇచ్చి ఉంటారు, లేకపోతే వాళ్లు సంతకాలు మార్చేవాళ్లు కాదు. బ్రాంచ్‌లో మీ ఖాతా ఫైలు తీయించండి.

రిటైర్డ్ సూపరింటెండెంట్

కలెక్టరేట్‌లో ముప్పై ఏళ్లు చేసినవాడిని, ఒక మాట చెప్తాను. మా దగ్గర ఫైలు మూసేటప్పుడే దాని ఆయుష్షు రాసేవాళ్లం. ఆర్.డిస్ అంటే శాశ్వతం, డి.డిస్ అంటే పదేళ్లు. రికార్డు రూముకు పోయాక ఎవడూ ఆలోచించే పని లేదు. మీరేమో అన్నీ ఒకే సంచిలో వేసి, ఏడేళ్ల తర్వాత ఏది బియ్యం ఏది పొట్టు అని ఏరుతున్నారు. పేరు చివర ఒక్క మాట రాస్తే చాలు.

అన్నట్టు మన జిల్లావాళ్లకు ఇంకో తిప్పలు. 2016 అక్టోబర్‌కు ముందు "నల్లగొండ" అన్న ఫోల్డర్‌లో సూర్యాపేట, భువనగిరి కాగితాలూ ఉంటాయి. ఆ తర్వాత ఉండవు. జిల్లా పేరు మీద ఫోల్డర్లు పెట్టకండి.

పాలమూరు పిల్లగాడు

మాకైతే ఇంకా ఘోరం సార్, 2016ల నాలుగు ముక్కలైంది, 2019ల నారాయణపేట వేరే అయింది 😀 సరే, మాడిఫైడ్ డేట్ సంగతి ఒప్పుకుంటున్న. కానీ అన్నీ ఎందుకు దాచుడు? ఎనిమిదేళ్లు దాటినయన్నీ తీసెయ్యొచ్చని మా ఆడిటర్ చెప్పిండు. మినిట్సూ అంతే గదా?

సెక్రటరీ మేడం

కాదు, మీ ఆడిటర్ చెప్పింది మీరు సగమే విన్నట్టున్నారు. ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు అన్నది మీటింగ్ నోటీసు, అజెండా, దాని నోట్స్, వాటి వెంట ఉన్న కాగితాలకు. అవి కూడా ఎనిమిదేళ్ల తర్వాత ఇంకా పనికొస్తుంటే ఉంచాలి, తీసేయాలంటే బోర్డు అనుమతి కావాలి. మినిట్స్ శాశ్వతం. కంపెనీ ఉన్నంతకాలం అవీ ఉండాలి.

పేర్ల సంగతికి వస్తే, విషయం పేర్లో రాయడం నాకు సరిపడదు. ఒక్క మీటింగ్‌లో తొమ్మిది అంశాలుంటే తొమ్మిదీ రాస్తారా? మూడు రాస్తే మిగతా ఆరు పోయినట్టే. పైగా రాసేవాళ్లు "చెక్కు సంతకాలు" అంటారు, వెతికేవాళ్లు "ఖాతా నిర్వహణ" అని కొడతారు. ఫైలు పేరు రెండే చెప్పాలి: ఏ మీటింగ్, ఏ దశ.

```
2019-06-14_BM-02_2019-20_draft-1.docx
2019-06-14_BM-02_2019-20_draft-2.docx
2019-06-14_BM-02_2019-20_signed.pdf
```

ముందున్నది మీటింగ్ జరిగిన తేదీ, టైపు చేసిన రోజు కాదు. (తేదీ ఉదాహరణకు వేశాను, మీది వేసుకోండి.) సంవత్సరం ముందుంటేనే ఫోల్డర్‌లో అవంతట అవే వరుసలో నిలబడతాయి. 14-06-2019 అని రాస్తే అన్ని నెలల పద్నాలుగో తారీఖులూ ఒకచోట చేరతాయి. BM-02 అంటే ఆ ఆర్థిక సంవత్సరంలో రెండో బోర్డు మీటింగ్. మినిట్స్ మీద మీరు 02/2019-20 అని రాస్తారు కానీ విండోస్ ఫైలు పేర్లో ఆ గీతను ఒప్పుకోదు, అందుకే ఇలా. "ఫైనల్" అన్న మాట ఎక్కడా వాడకండి. డ్రాఫ్ట్‌కి నంబరు, సంతకం అయినదానికి signed, అంతే.

signed-2 అన్నది ఉండకూడదు. బుక్‌లో ఎక్కిన మినిట్స్‌లో తప్పు దొరికితే ఆ పేజీ దిద్దరు, తర్వాతి మీటింగ్‌లో బోర్డు ఒప్పుకుని ఆ మీటింగ్ మినిట్స్‌లో రాస్తుంది. ఎక్కడైనా signed-2 కనిపిస్తే ఎవరో దిద్దారని అనుమానించాలి.

విషయానికి ఒక ఎక్సెల్ షీట్ పెట్టండి. ఒక్కో తీర్మానానికి ఒక్కో వరుస: తేదీ, మీటింగ్ నంబరు, అంశం నంబరు, తీర్మానం ఒక్క వాక్యంలో, బుక్ పేజీ, తర్వాతి తీర్మానం ఏదైనా దీన్ని మార్చిందా, రద్దు చేసిందా. ఆ చివరి గడే బంగారం. 2019 తీర్మానం దొరకడం కంటే దాన్ని 2021లో మార్చారా లేదా అన్నది ముఖ్యం.

గ్రామ సమాఖ్య లెక్కలక్క (వనపర్తి దిక్కు)

మాకు కంప్యూటర్ లేదు, పుస్తకంలనే రాస్తం. రాసినంక అందరి సంతకాలు, నిశానీలు పెట్టిస్తం. ఎన్నడూ పోలేదు. మీకీ బాధలన్నీ కంప్యూటర్ తెచ్చినయే.

కానీ ఒకటి నాకు అనుభవమైంది. మా పాత మండలం ఆఫీసుల తెలుగు అంతా అనూ ఫాంట్ల టైపు చేసేది. ఆ వర్డ్ ఫైళ్లు కొత్త కంప్యూటర్‌ల తెరిస్తే తెలుగు కాదు, పిచ్చి పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు వచ్చినయి.

సెక్రటరీ మేడం

అక్కా, మంచి మాట చెప్పారు, నేను మర్చిపోయాను. అనూలో కొట్టినది లోపల తెలుగు కాదు, ఆ ఫాంట్ ఉంటేనే తెలుగులా కనిపిస్తుంది. పిడిఎఫ్ చేసి దాస్తే కంటికి చక్కగా కనబడుతుంది కానీ "తీర్మానం" అని వెతికితే ఒక్కటీ దొరకదు. కొత్తవి యూనికోడ్‌లోనే కొట్టాలి. పాతవాటికి ఆ ఎక్సెల్ షీటే దిక్కు.

రిటైర్డ్ సూపరింటెండెంట్

డ్రాఫ్టుల మాట ఎవరూ తేల్చలేదు. నా ఓటు తీసేయమనే. నోట్ ఫైల్ ఉంచుతాం, చిత్తుప్రతి ఎందుకు? ఒకే మీటింగ్‌కు రెండు అంకెలు మిగిలితే రేపు కోర్టులో అవతలి వకీలు రెండోదే పట్టుకుంటాడు.

సెక్రటరీ మేడం

సంతకం అయ్యి, తర్వాతి మీటింగ్‌లో మినిట్స్ చదివేదాకా ఉంచి, ఆ తర్వాత తీసేయమంటాను నేను. కానీ డైరెక్టర్లు మార్పులు చెప్పిన మెయిళ్లను ఉంచాలి. 50,000 ఎందుకు 25,000 అయిందో చెప్పేది అవే.

పాలమూరు పిల్లగాడు

మేడం, ఆ మెయిళ్లల్ల డ్రాఫ్టులే అటాచ్ అయి ఉంటయి గదా. ఇక తీసేసి ఏం లాభం?

సెక్రటరీ మేడం

అవును, దానికి నా దగ్గర సరైన జవాబు లేదు. మా కంపెనీలో మెయిల్ ఉంచి ఫోల్డర్‌లోది తీసేస్తాం. పొంతన లేని పనే.

బత్తాయి కంపెనీ

బుక్ పాత చైర్మన్ సారు ఇంట్ల దొరికింది. 31వ పేజీల 25,000 అనే ఉంది. బ్యాంకు ఫైల్‌ల ఉన్న కాపీ కూడా అదే. కానీ మేడం, బుక్‌ల ఆ నాలుగు పేజీలు గమ్ పెట్టి అంటించి ఉన్నయి.

సెక్రటరీ మేడం

అయ్యో. అంటించకూడదు, స్టాండర్డ్‌లో స్పష్టంగా ఉంది. రేపు ఊడదీసి వేరేది అంటించలేదని ఎలా చెప్తారు? ఇకముందు విడి కాగితాలు వాడి, నంబర్లు వేసి, ఆర్థిక సంవత్సరానికో రెండేళ్లకో బైండింగ్ చేయించండి. పాత పేజీలు పీకొద్దు, కదిలించొద్దు. అంటించి ఉన్నాయని బోర్డు ముందు పెట్టి, స్కాన్ తీసి దాచండి.

బత్తాయి కంపెనీ

సరే మేడం. 20 తారీఖు మీటింగ్ ఉంది, అజెండాల పెడుత. ఆ 50,000 డ్రాఫ్ట్ మాత్రం ఇంకా పెన్‌డ్రైవ్‌ల అట్లనే ఉంచిన. దాని మీద కూడా చైర్మన్ సంతకం ఉంది గదా, నా అంతట నేను తీసేస్తే రేపు నన్నే అడుగుతరు.