జడ్జి కావాలంటే లా ఐదేళ్లేనా? ఆ తర్వాతి మూడేళ్ల సంగతేంటి?

మిర్యాలగూడ నాన్న: మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ పాసైంది. జడ్జి అవుతానంటోంది. ఐదేళ్ల లా చేయించి, అయిపోగానే పరీక్ష రాయిద్దామని ఉంది. మొత్తం ఎన్నేళ్లు, ఎంత ఖర్చు పెట్టుకోవాలి?

నల్లగొండ వకీలు: అన్నా, "అయిపోగానే" అన్న లెక్క 2025 మే 20తో పోయింది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్లు ప్రాక్టీస్ చేసి ఉండాలని ఆ రోజు సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పాపకు ఇప్పుడు 18 అనుకుందాం. కోర్సు పేరుకు ఐదేళ్లే. మా బ్యాచ్‌లో క్లాసులు దీపావళికి మొదలయ్యాయి, ఫలితాలు ఇంకా ఆలస్యమయ్యాయి. సనద్, అంటే వకీలుగా నమోదైన పట్టా, చేతికొచ్చేసరికి 24 పెట్టుకోండి. ఆపైన మూడేళ్లు, 27. అప్పటికి నోటిఫికేషన్ ఉండాలి. స్క్రీనింగ్ టెస్టు, రాత పరీక్ష, వైవా అన్నీ అయ్యేసరికి 28. ఇది మొదటిసారే వస్తే.

పాలమూరు స్టూడెంట్: సార్, ఇంకో ఏడాది కలపాలి. మూడేళ్లు లెక్కేసేది వకీళ్లకు బార్ కౌన్సిల్ పెట్టే బార్ ఎగ్జామ్ పాసైన రోజు నుంచి కదా.

నల్లగొండ వకీలు: కాదు తమ్మీ. బార్ ఎగ్జామ్ రాయాల్సిందే, కానీ లెక్క ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ రోజు నుంచే, అంటే బార్ కౌన్సిల్‌లో వకీలుగా తాత్కాలికంగా పేరు నమోదైన రోజు నుంచి. అందుకే సర్టిఫికెట్లు రాగానే బార్ కౌన్సిల్‌కు పోవాలి, పండగ అయ్యాక చూద్దాం అనుకుంటే అన్ని నెలలు వెనక్కి పోయినట్టే. జడ్జి దగ్గర లా క్లర్క్‌గా చేసిన కాలం కూడా లెక్కలోకి వస్తుంది.

దేవరకొండ అన్న: మా బావమరిది ఎంబీబీఎస్ చేశాడు. ఐదున్నరేళ్లు చదివి ఇప్పుడు పీజీ సీటు కోసం మళ్లీ కోచింగ్. ఇంట్లో అందరికీ టెన్షన్. దేనికైనా డబ్బులుండాలి.

మిర్యాలగూడ నాన్న: నేనడిగింది లా గురించి అన్నా. ఖర్చు ఎవరైనా చెప్పండి.

నల్లగొండ వకీలు: కాలేజీ ఫీజు అందరూ లెక్కేస్తారు, కాలేజీని బట్టి మారుతుంది కూడా. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు ఇప్పుడు భారం కాదు. జనరల్ వాళ్లకు 750, ఎస్సీ ఎస్టీలకు 125 దాటి తీసుకోవద్దని 2024 జులైలో తీర్పు వచ్చింది. అసలు దెబ్బ ఆ మూడేళ్లది. నా మొదటి ఎనిమిది నెలల్లో సీనియర్ రూపాయి ఇవ్వలేదు. పొద్దున పదిన్నరకు కోర్టు హాల్లో నిలబడి, మా కేసు పిలవగానే "పాస్ ఓవర్, సార్ పక్క కోర్టులో ఉన్నారు" అని కేసు కాసేపాగి పిలవమనడం, మధ్యాహ్నం నకలు దరఖాస్తులు, సాయంత్రం ఛాంబర్లో టైపింగ్. రూము, తిండి, పుస్తకాలు కలిపి నెలకు 8,000 అనుకుంటే 36 నెలలకు 2,88,000. రెండో ఏడు నుంచి సీనియర్ నెలకు 3,000 ఇచ్చినా 72,000 తగ్గుతుంది, ఇంకా 2,16,000 ఇంటి నుంచే. పాప ఇంటి నుంచే తిరిగితే రూము అద్దె మిగులుతుంది, ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్‌లో టికెట్టూ లేదు.

అశోక్‌నగర్ అక్క: అంత కష్టం ఎందుకు? మా బాబాయి వకీలే. ఆయన పేరు మీద సనద్ పెట్టుకుని హైదరాబాద్‌లో కోచింగ్‌లో కూర్చున్నా. మూడేళ్లు ప్రాక్టీస్ చేసినట్టు సర్టిఫికెట్ ఆయనే ఇస్తాడు.

నల్లగొండ వకీలు: సర్టిఫికెట్ ఇచ్చే వకీలుకు పదేళ్ల ప్రాక్టీస్ ఉండాలి, దాని మీద ఆ జిల్లా ప్రిన్సిపల్ జడ్జి సంతకం కూడా కావాలి. మూడేళ్లలో ఒక్క వకాల్తాలో పేరు లేని, ఆ కోర్టులో ఎవరూ చూడని మనిషికి ఏ జడ్జి సంతకం పెడతాడు?

అశోక్‌నగర్ అక్క: పెట్టేవాళ్లు పెడతారు. రోజంతా వాయిదాలకు తిరిగితే రాత పరీక్షకు చదివేదెప్పుడు? తెలుగు నుంచి ఇంగ్లిష్ అనువాదం కోర్టు వరండాలో వస్తుందా?

నల్లగొండ వకీలు: చదువుకు టైం లేదన్నది నిజమే, కాదనను. నేను రాత పరీక్షలో పోయింది అందుకే. కానీ సాక్షి చెప్పేది ప్రమాణపత్రంగా రాసిచ్చే చీఫ్ అఫిడవిట్లు నాలుగు రాశాక సివిల్ పేపర్ కొంచెం తేలికైంది.

సూర్యాపేట టీచర్: నాన్నగారికి ఒక మాట. ఐదేళ్ల కోర్సులో చేరి మూడేళ్లకు మనసు మారితే మధ్యలో డిగ్రీ పట్టా ఇవ్వరు, అలా ఇవ్వకూడదని బార్ కౌన్సిల్ నిబంధన. డిగ్రీ మూడేళ్లు, ఆపైన లా మూడేళ్లు చేస్తే ఒక ఏడాది ఎక్కువే, కానీ మొదటి మూడేళ్లకు చేతిలో పట్టా ఉంటుంది. మా అబ్బాయి రెండో దారిలో పోయాడు, డిగ్రీ అయ్యాక లా వద్దన్నాడు, బీఈడీలో చేరాడు.

మిర్యాలగూడ నాన్న: జడ్జి అయితే మొదటి జీతమెంత?

నల్లగొండ వకీలు: మూల వేతనం 77,840తో మొదలు.

మిర్యాలగూడ నాన్న: 28 దాకా ఆగడం నాకు కష్టం కాదు. వాళ్లమ్మ 24కే పెళ్లి అంటోంది. ఆ మూడేళ్లు అత్తగారింటి నుంచి కోర్టుకు పోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?