సరుకు మార్చిలో వచ్చింది, బిల్లు రాలేదు: ఖర్చు ఏ సంవత్సరానిది?

ప్రశ్న: మిర్చి పొడి యూనిట్ అకౌంటెంట్, గుంటూరు
మాకు ప్యాకింగ్ ఫిల్మ్ రోల్స్ మార్చి 27న చలాన్‌తో వచ్చాయి. ఆర్డరు 2,000 కిలోలు, కిలో రూ.200, జీఎస్టీ అదనం. కాటా వేస్తే 1,950 కిలోలే తూగింది. 31 నాటికి 450 కిలోలు వాడేశాము. బిల్లు ఇంకా రాలేదు. మార్చిలో ఖర్చుగా ప్రొవిజన్ పెట్టాలా, ఏప్రిల్‌లో బిల్లు వచ్చాకే ఎక్కించాలా? మా యజమాని రెండోదే మేలంటున్నారు.

ట్రేడింగ్ సంస్థ అకౌంటెంట్, విజయవాడ
మీ యజమాని గారి మాటతో నేను ఏకీభవిస్తున్నాను. బిల్లు చేతిలో లేకుండా ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ తీసుకోలేము కాబట్టి కొనుగోలును తొందరపడి ఎక్కించడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఆ సరుకును క్లోజింగ్ స్టాకులో కూడా చూపకుండా ఉంటే కొనుగోలూ లేదు, స్టాకూ లేదు. లాభం ఎక్కడా మారదు.

ఆడిట్ రంగంలో ఉన్నవాడిని, విజయవాడ
క్రెడిట్ విషయంలో మీరు చెప్పింది నిజమే గాని, లాభం మారదన్న మాట గోడౌన్‌లో రోల్స్ ముట్టుకోకుండా ఉన్నప్పుడే నిలుస్తుంది. ఇక్కడ 450 కిలోలు, అంటే రూ.90,000 విలువైన ఫిల్ము, మార్చిలో అమ్మిన పొడి ప్యాకెట్ల మీదుగా బయటికి వెళ్లిపోయింది. ఆ అమ్మకం ఈ సంవత్సరంలో, దాని సంచి ఖర్చు వచ్చే సంవత్సరంలో పడితే ఈ ఏడాది లాభం ఆ మేరకు ఎక్కువగా కనిపిస్తుంది. ఆచరణలో ఇంతకంటే పెద్ద తప్పే జరుగుతుంది: 31న స్టాకు లెక్కించేవారు కంటికి కనిపించిన 1,500 కిలోలనూ రాసుకుంటారు, కొనుగోలు మాత్రం పుస్తకంలో ఉండదు, దానితో లాభం ఏకంగా రూ.3,90,000 పెరిగిపోతుంది. అమ్మకాల్లో ప్యాకింగ్ ఫిల్ము ఖర్చు శాతం గత నెలల కంటే ఉన్నట్టుండి తగ్గితే నేను ముందు వెతికేది దీన్నే.

కాబట్టి తూకంలో తేలిన 1,950 కిలోలకే, ఆర్డరు ధరకు, జీఎస్టీ కలపకుండా రూ.3,90,000 కొనుగోలుకు డెబిట్ చేసి, సప్లయర్ పేరున కాక ‘బిల్లు రావలసిన సరుకు’ అనే ప్రత్యేక లెడ్జరుకు క్రెడిట్ చేయండి. మిగిలిన 1,500 కిలోలు రూ.3,00,000గా స్టాకులో నిలుస్తాయి. ఖర్చుగా మిగిలేది రూ.90,000 మాత్రమే. అందుకే మొత్తాన్ని ఖర్చుగా పెట్టడమూ పొరపాటే.

ఇంకొక మాట. ఈ-వే బిల్లులో డాక్యుమెంట్ నంబరు చూడండి. అక్కడ ఇన్‌వాయిస్ నంబరు ఉంటే బిల్లు ఇప్పటికే తయారైంది, కాగితం మాత్రమే మీకు చేరలేదు. అలాంటప్పుడు సప్లయర్‌కు ఒక ఫోను చేస్తే పని అయిపోతుంది.

కోల్డ్ స్టోరేజీ మేనేజరు, గుంటూరు
మాకు మార్చి కరెంటు బిల్లు ఏప్రిల్‌లో వస్తుంది. మొత్తం ప్రొవిజన్ పెట్టేస్తాము, స్టాకు గొడవే లేదు. మీరూ అలాగే చేయండి, ఇంత ఆలోచన ఎందుకు?

ఆడిట్ రంగంలో ఉన్నవాడిని, విజయవాడ
కరెంటు మార్చిలోనే కాలిపోయింది కాబట్టి మీ దగ్గర మొత్తం ఖర్చే. రోల్స్ అలా కాదండీ, వాటిలో మూడు వంతులకు పైగా ఇంకా గోడౌన్‌లోనే ఉన్నాయి.

మిర్చి పొడి యూనిట్ అకౌంటెంట్, గుంటూరు
ఈ-వే బిల్లులో చలాన్ నంబరే ఉందండీ. ఇప్పుడు బిల్లు చేరింది: 1,950 కిలోలకే వేశారు గాని, ధర రూ.205. ముడిసరుకు పెరిగితే ధర పెంచవచ్చని ఆర్డరులో రాసుకున్నాము. తేడా రూ.9,750 ఎందులో వేయాలి?

ఆడిట్ రంగంలో ఉన్నవాడిని, విజయవాడ
మార్చి ఖాతాలు ఇంకా మూయలేదు గనుక అక్కడే సవరించండి. 31 నాటికి ఉన్న బాకీ ఎంతో ఈ బిల్లు రుజువు చేస్తోంది. రూ.2,250 వాడిన ఫిల్ముకు, రూ.7,500 స్టాకుకు చేరుతుంది. ఖాతాలు మూసి సంతకాలైపోయి ఉంటే ఇంత చిన్న తేడాను ఏప్రిల్‌లో వేసుకునేవారు. పన్ను క్రెడిట్ మాత్రం ఈ బిల్లు ఆధారంగా, అది జీఎస్టీ పోర్టల్‌లో మీ 2బీ స్టేట్‌మెంటులో కనిపించాకే తీసుకోండి.

ట్రేడింగ్ సంస్థ అకౌంటెంట్, విజయవాడ
వాడకం సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు, అది ఒప్పుకుంటాను. అయితే ఏప్రిల్ 1న ప్రొవిజన్‌ను రివర్స్ ఎంట్రీతో తిప్పి రాసేయడమే భద్రం. లేకపోతే బిల్లు వచ్చిన రోజు ఎవరో ఒకరు దాన్ని కొత్త కొనుగోలుగా ఎక్కిస్తారు, ఒకే సరుకు రెండుసార్లు పడుతుంది.

ఆడిట్ రంగంలో ఉన్నవాడిని, విజయవాడ
ఆ ప్రమాదం ఉన్నమాట వాస్తవమే, అయినా నేను తిప్పి రాయను. ఒకటో తేదీనే తిప్పేస్తే, బిల్లు నెలాఖరుదాకా రాని పక్షంలో గోడౌన్‌లో సరుకు ఉండి బాకీ లేనట్టు పుస్తకం చూపుతుంది. బిల్లును నేరుగా ‘బిల్లు రావలసిన సరుకు’ లెడ్జరుకే డెబిట్ చేసి, ఒక్కొక్క చలాన్ నంబరు ఎదుట మూసేయాలి. ప్రతి నెలాఖరున అందులో మిగిలిన క్రెడిట్‌ను చలాన్‌వారీగా చూస్తే, రెండుసార్లు ఎక్కినదైనా, సప్లయర్ బిల్లు వేయడం మరిచినదైనా అక్కడే బయటపడుతుంది.

ట్రేడింగ్ సంస్థ అకౌంటెంట్, విజయవాడ
నెలకు పది చలాన్లు వచ్చేచోట అది సాగుతుంది. వందల్లో వచ్చే మా దగ్గర, ఆ లెడ్జరును చూసుకోవడానికే ఒక మనిషిని కేటాయించాల్సి వస్తుంది. అందుకే నేను తిప్పి రాసే పద్ధతినే కొనసాగిస్తాను.